మెయిల్ వల, ఫోన్ గాలం

2007 సెప్టెంబరులో అబుదాబిలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమిళనాడు వాసికి ఈమెయిల్ వచ్చింది. పంపినవారి స్థానంలో ఆయనకు ఖాతా ఉన్న ప్రైవేటు బ్యాంకు పేరే కనిపించింది. ఇంటర్నెట్ బ్యాంకింగ్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తెలియజేయాలని, లేకపోతే ఖాతా పనిచేయకుండా పోతుందని అందులో రాసి ఉంది. ఆయన నమ్మి జవాబిచ్చారు. తర్వాత చూసుకుంటే ఖాతాలో 6.46 లక్షల రూపాయలు లేవు. ఆ డబ్బు అదే బ్యాంకులో ఖాతా ఉన్న వేరే కంపెనీకి చేరిపోయింది. ఆయన ఐటీ చట్టం కింద బ్యాంకుపై ఫిర్యాదు చేశారు. పాస్‌వర్డ్ ఆయన చేతులారా ఇచ్చుకున్నదేనని బ్యాంకు వాదించింది. చివరికి 2010 ఏప్రిల్‌లో, తీర్పు చెప్పే అధికారిగా ఉన్న తమిళనాడు ఐటీ కార్యదర్శి ఆ ఖాతాదారుకు 12.85 లక్షలు చెల్లించాలని బ్యాంకును ఆదేశించారు.

పన్నెండేళ్లు గడిచాయి. 2019లో పార్లమెంటు సమావేశాల కోసం ఢిల్లీలో ఉన్న పటియాలా ఎంపీ ప్రణీత్ కౌర్‌కు ఫోన్ వచ్చింది. తాను బ్యాంకు మేనేజర్‌నని, ఆమె జీతం ఖాతాలో వేయడానికి వివరాలు కావాలని అవతలి మనిషి చెప్పాడు. ఆమె వివరాలు చెప్పారు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా చెప్పారు. ఖాతాలోంచి 23 లక్షలు పోయాయి. ఆమె అప్పటికే కేంద్రంలో మంత్రిగా పనిచేసిన వ్యక్తి, భర్త అమరీందర్ సింగ్ అప్పుడు పంజాబ్ ముఖ్యమంత్రి. పోలీసులు నిందితుణ్ణి ఝార్ఖండ్‌లో పట్టుకున్నారు.

మొదటిది ఫిషింగ్. రెండోది విషింగ్. ఫిషింగ్ అనే మాట 1990ల నడిమి కాలంలో అమెరికాలో పుట్టింది. చేపలు పట్టడమనే అర్థంలోని ఇంగ్లిషు మాటకే స్పెల్లింగు కొద్దిగా మార్చి వాడారు. దానికి గొంతు తోడైతే, అంటే వాయిస్ కలిస్తే, విషింగ్ అయింది. చేపల వేట పోలిక రెంటికీ సరిపోతుంది గానీ పట్టే తీరు మాత్రం వేరు. ఈమెయిల్ వల లాంటిది. ఒకే మెయిల్‌ను లక్షమందికి విసిరితే నూరుమంది చిక్కినా మోసగాడికి లాభమే. ఫోన్ కాల్ గాలం లాంటిది. ఒక్కో చేప దగ్గరా ఒక మనిషి కూర్చోవాలి, ఎర కదలికను బట్టి దారం బిగించాలి, వదలాలి. ఖాతాదారు ఈ రెంటినీ గుర్తుపట్టే పద్ధతులు వేరు కావడానికి కారణం ఇక్కడే ఉంది.

దొంగ మెయిల్ నుంచి ఫోన్‌కు ఎందుకు వచ్చాడు

2007లో పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే చాలు, ఖాతా తలుపు తెరుచుకునేది. రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డుతో చేసే చెల్లింపులకు కార్డు మీద కనిపించని మరో ధ్రువీకరణ ఉండాలని తప్పనిసరి చేసింది. అది క్రమంగా మనందరికీ తెలిసిన ఓటీపీగా స్థిరపడింది. నెట్ బ్యాంకింగ్‌లోనూ అదే పద్ధతి వచ్చింది. దాంతో మెయిల్ ద్వారా పాస్‌వర్డో కార్డు నంబరో సంపాదించిన దొంగ ఓటీపీ దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఓటీపీ ఖాతాదారు ఫోన్‌కే వస్తుంది, కొన్ని నిమిషాలే చెల్లుతుంది. మెయిల్ పంపి, ఎప్పుడో వచ్చే జవాబు కోసం ఎదురుచూసే తీరిక దొంగకు లేదు. ఆ క్షణంలోనే ఖాతాదారు చేత ఆ అంకెలు చెప్పించాలి. ఆ పనికి ఫోనును మించింది లేదు.

అందుకే ఇప్పుడు రెండూ తరచూ జోడుగా నడుస్తాయి. ముందు మెయిలో మెసేజో వస్తుంది. దానిలోని లింకు దొంగ పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ పేరు, ఫోన్ నంబరు, కార్డు వివరాలు నింపిన కాసేపటికి ఫోన్ మోగుతుంది. "ఇప్పుడే కేవైసీ అప్‌డేట్ చేశారు కదా సార్, వెరిఫికేషన్ కోసం చేస్తున్నాం" అంటుంది అవతలి గొంతు. తాను నింపిన సంగతి బ్యాంకుకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్న ఖాతాదారు నమ్ముతాడు. నింపిన పేజీ వాళ్లదే కాబట్టి వాళ్లకు తెలిసిందన్న ఆలోచన ఆ క్షణంలో తట్టదు.

మెయిల్ ఆగి ఉంటుంది, చదవచ్చు

మెయిల్‌తో ఖాతాదారుకు ఒక మేలుంది. అది ఎక్కడికీ పోదు. పొద్దున వచ్చినదాన్ని సాయంత్రం అబ్బాయికో అమ్మాయికో చూపించి అడగవచ్చు. "24 గంటల్లో ఖాతా స్తంభిస్తుంది" అన్న బెదిరింపు మెయిల్‌లో ఉండేది ఈ మేలును లాగేసుకోవడానికే. ఆ గడువును పక్కన పెట్టి మెయిల్‌లో రెండు చోట్ల చూడాలి.

మొదటిది పంపినవారి చిరునామా. మెయిల్ పైన పెద్దక్షరాలతో కనిపించే పేరు పంపేవాడు తనకు నచ్చినట్టు పెట్టుకున్నది. ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో జీమెయిల్ తెరిచినప్పుడు ఆ పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తును నొక్కితే అసలు ఈమెయిల్ చిరునామా కనిపిస్తుంది. బ్యాంకు పేరు పెట్టుకున్న మెయిల్ ఏదో మామూలు జీమెయిల్ ఖాతా నుంచో సంబంధం లేని కంపెనీ చిరునామా నుంచో వచ్చి ఉంటే సంగతి అక్కడే తేలిపోతుంది. అయితే చిరునామా సరిగా కనిపించినంత మాత్రాన మెయిల్ అసలైనదని తేల్చేయకూడదు. దాన్ని కూడా ఫోర్జరీ చేసే మార్గాలున్నాయి.

రెండోది, ఇంకా ముఖ్యమైనది, లింకు. కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ ఉంచితే, ఫోన్‌లో వేలితో నొక్కి పట్టుకుంటే, అది తీసుకెళ్లే అసలు చిరునామా బయటపడుతుంది. ఉదాహరణకు ఈ రెండు చూడండి. రెండూ చూపించడం కోసం రాసిన నమూనాలు:

```
https://netbanking.yourbank.bank.in/login
https://yourbank.bank.in.kyc-update.example/login
```

రెంటిలోనూ బ్యాంకు పేరుంది. రెండోదాంట్లో అది మొదట్లోనే ఉంది కాబట్టి చదివేవారికి మరింత నమ్మకం కలుగుతుంది. చదవాల్సిన తీరు వేరు. https:// దాటిన తర్వాత వచ్చే మొదటి గీత, అంటే "/" గుర్తు, ఎక్కడుందో చూసుకోవాలి. అక్కడి నుంచి వెనక్కి, ఎడమవైపుకు చదవాలి. ఆ గీతకు ఆనుకుని ఉన్న చివరి ముక్కలే సైటు ఎవరిదో చెబుతాయి. మొదటిది bank.in తో ముగిసింది. రెండోది kyc-update.example తో ముగిసింది, కాబట్టి అది ఆ పేరు కొనుక్కున్నవాడిది. ముందున్న బ్యాంకు పేరు వాడు అలంకారానికి తగిలించుకున్నది. "గుంటూరు మిర్చి బజ్జీ సెంటర్, అమీర్‌పేట, హైదరాబాద్" అని బోర్డు ఉంటే ఆ కొట్టు గుంటూరులో ఉందని ఎవరూ అనుకోరు కదా. ఊరు తెలిసేది చివరి మాటలోనే. వెబ్ చిరునామా కూడా అంతే.

ఈ చివరి ముక్కను ఖాతాదారు తేలిగ్గా గుర్తుపట్టాలనే రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో మన బ్యాంకులన్నిటికీ .bank.in అనే ప్రత్యేక డొమైన్‌ను ప్రకటించింది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ సైట్లను అందులోకి మార్చుకోవాలని గడువు పెట్టింది. ఈ పేర్లను కేటాయించే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి, అంటే బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థకు మాత్రమే ఇచ్చింది. .com పేరును ఎవరైనా కొద్దిపాటి ఖర్చుతో కొనుక్కోవచ్చు. .bank.in పేరును బ్యాంకు తప్ప ఇంకెవరూ పొందలేరు. ఇంతవరకు ఇది మంచి కాపలా. అయితే ఇది వెబ్ చిరునామా చివర్న ఉన్నప్పుడే పనికొస్తుంది. పై నమూనాలో చూసినట్టు నడుమ ఇరికించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చాలామంది ఇప్పటికీ తాళం గుర్తును నమ్ముతారు. చిరునామా పక్కన తాళం ఉంటే సైటు భద్రమని ఒకప్పుడు బ్యాంకులే చెప్పేవి. నిజానికి ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: మన ఫోనుకు, ఆ సైటుకు మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఇంకెవరూ చదవలేరు. ఆ సైటు దొంగదైతే మన పాస్‌వర్డు దొంగకు భద్రంగా చేరుతుంది. ఈ అపోహ వల్లే గూగుల్ 2023లో తన క్రోమ్ బ్రౌజర్ నుంచి తాళం బొమ్మను తీసేసింది.

మెయిల్‌కు ఫైలు తగిలించి పంపడం ఇంకో పద్ధతి. "మీ స్టేట్‌మెంట్", "రీఫండ్ ఫారం" అన్న పేరుతో ఫైలు వస్తుంది. దాని పేరు చివర .html అని ఉంటే అది పత్రం కాదు, వెబ్ పేజీ. తెరవగానే అచ్చం బ్యాంకు లాగిన్ పేజీ వస్తుంది. పైన చిరునామా పట్టీలో మాత్రం ఏ సైటు పేరూ ఉండదు, file: అని మొదలవుతుంది. ఆ పేజీ ఖాతాదారు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్న ఫైలు. అందులో నింపినది నేరుగా దొంగకు పోతుంది.

ఇంకొక మంచి గుర్తు ఖాతాదారు ఏమీ చేయకుండానే దొరుకుతుంది. పాస్‌వర్డ్‌ను ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో భద్రపరుచుకున్నవారికి అసలు సైటు తెరిచినప్పుడు అది దానంతట అదే నిండుతుంది. బ్రౌజర్ పేజీ రంగులనూ లోగోనూ చూడదు, చిరునామా అక్షరాలనే పోలుస్తుంది. రోజూ నిండే గడి ఒకరోజు ఖాళీగా ఉందంటే, పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టబోయే ముందు చిరునామాను మరోసారి చూడాలి.

అక్షర దోషాలు, వంకర ఇంగ్లిషు చూసి పట్టేయవచ్చని పాత సలహా ఒకటి ఉంది. తప్పులున్న మెయిల్‌ను అనుమానించాల్సిందే. తప్పుల్లేని మెయిల్‌ను నమ్మడానికి మాత్రం అది కారణం కాకూడదు. అసలు మెయిల్‌ను అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి, ఒక్క లింకు మార్చి పంపడం దొంగకు పెద్ద పని కాదు.

ఫోన్ ఆగనివ్వదు

ఫోన్ కాల్‌లో చూడటానికి లింకు ఉండదు, తీరిగ్గా చదవడానికి వాక్యం ఉండదు. మాట్లాడేవాడు మన జవాబు విని, గొంతులోని అనుమానం పసిగట్టి, దానికి తగ్గట్టు మాట మారుస్తాడు. సాధారణంగా జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"నమస్తే సార్, బ్యాంకు హెడ్డాఫీసు, కార్డ్ సెక్షన్ నుంచి. మీ కార్డు మీద 48,500 రూపాయల లావాదేవీ ఒకటి జరుగుతోంది. అది మీరే చేశారా?"

"లేదండీ, నేనేం చేయలేదు!"

"కంగారు పడకండి సార్, ఆపేద్దాం. మీ కార్డు నంబరు మొదటి ఆరు అంకెలు నేను చెబుతాను, సరిపోయాయేమో చూసుకుని మిగతావి మీరు చెప్పండి."

అంకెలు సరిపోతాయి. ఖాతాదారుకు నమ్మకం కుదురుతుంది. అయితే కార్డు మీది మొదటి ఆరు అంకెలు ఆ మనిషివి కావు, బ్యాంకువి. అవి ఏ బ్యాంకు ఇచ్చిన ఏ రకం కార్డో చెప్పే సంకేతం. ఒకే రకం కార్డున్న వేలమందికి అవే అంకెలు ఉంటాయి. వాటిని చెప్పగలగడం రుజువు కిందికి రాదు. పేరు, ఊరు, పుట్టిన తేదీ చెప్పినా అంతే. ఆ వివరాలు ఎన్నో చోట్ల నుంచి లీకై చేతులు మారుతుంటాయి.

మిగతా అంకెలు, గడువు తేదీ, కార్డు వెనక ఉన్న మూడంకెల సీవీవీ చెప్పాక అవతలి మనిషి అంటాడు: "ఇప్పుడు మీకు క్యాన్సిలేషన్ కోడ్ వస్తుంది సార్, అది చెబితే లావాదేవీ రద్దయిపోతుంది." అదే సమయంలో అతనో, అతని పక్కన కూర్చున్నవాడో ఒక షాపింగ్ సైటులో ఆ కార్డు నంబరు కొడుతుంటాడు. ఖాతాదారు ఫోన్‌కు వచ్చే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

```
482913 is OTP for txn of Rs 48,500.00 at XYZ STORES
on card ending 4471. Do not share with anyone.
```

నిజం మొత్తం ఈ రెండు వరుసల్లోనే ఉంది. ఇది చెల్లింపు కోసం వచ్చిన ఓటీపీ అని, ఎంత మొత్తమో, ఎవరికి పోతోందో, ఎవరికీ చెప్పవద్దనీ మెసేజే చెబుతోంది. రద్దు అన్న మాట ఎక్కడా లేదు. కానీ చెవి దగ్గర మనిషి తొందరపెడుతుంటే కళ్లు మొదటి ఆరంకెల దగ్గరే ఆగిపోతాయి. మెసేజ్‌ను మొదటి నుంచి చివరిదాకా, గట్టిగా పైకి చదవడం ఇక్కడ నిజంగా పనికొచ్చే ఉపాయం. "48,500 చెల్లింపుకు ఓటీపీ అని ఉందేమిటండీ?" అని అడిగితే అవతలివాడి స్వరం మారిపోతుంది. బతిమాలడమో బెదిరించడమో మొదలవుతుంది.

మోసపు కాల్‌కు ఖాయమైన గుర్తు అవతలివాడు ఫోన్ పెట్టనివ్వకపోవడం. "లైన్‌లోనే ఉండండి, కట్ చేస్తే డబ్బు పోతుంది" అంటాడు. నిజమైన బ్యాంకు ఉద్యోగికి ఈ అవసరం ఉండదు. అనుమానాస్పద లావాదేవీని ఆపడానికి ఖాతాదారు ఓటీపీ అతనికి అక్కర్లేదు, బ్యాంకు తనంతట తానే కార్డును నిలిపివేయగలదు. "నేను కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి మాట్లాడతాను" అంటే నిజమైన ఉద్యోగి సరేనంటాడు.

ఫోన్ తెర మీద కనిపించే పేరునూ నమ్మడానికి లేదు. కాలర్ పేరు చూపించే యాప్‌లలో పేర్లు ఎక్కువగా జనం పెట్టుకున్నవే. మోసగాడు తన సిమ్‌ను "బ్యాంక్ మేనేజర్" అని నమోదు చేసుకోవచ్చు. దీనికి విరుగుడుగా 1600తో మొదలయ్యే నంబర్లను బ్యాంకుల సేవా కాల్స్‌కు కేటాయించారు. 2026 జనవరి 1 నాటికి వాణిజ్య బ్యాంకులు వీటికి మారాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గడువు పెట్టింది. ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు వేరే ఉన్నాయి. కాబట్టి మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి "హెడ్డాఫీసు" మాట్లాడుతోందంటే అనుమానించడానికి ఇప్పుడు గట్టి ఆధారమే ఉంది. అయితే 1600 చూసి కూడా ఓటీపీ చెప్పేందుకు వీల్లేదు. ఓటీపీ, పిన్, సీవీవీ బ్యాంకు ఉద్యోగి ఎవరికీ ఏ పనికీ అవసరం లేదు.

కాబట్టి కాల్‌ను అక్కడే ఉండి పరీక్షించడం కంటే పెట్టేయడం మేలు. పెట్టేశాక కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు ఖాతాదారే స్వయంగా ఫోన్ చేయాలి. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి దొరికిన నంబరుకు చేయకూడదు. అక్కడ తమ నంబర్లు కనిపించేలా పెట్టుకున్న మోసగాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకైతే ఫోన్ చేసే శ్రమ కూడా ఉండదు, ఖాతాదారే వెతుక్కుంటూ వస్తాడు.

ఏదైనా యాప్ వేసుకోమని కాల్‌లో అడిగితే సంభాషణ అక్కడితో ముగించాలి. ఎనీడెస్క్ లాంటి యాప్‌లు ఫోన్ తెరను దూరంలో ఉన్న మనిషికి చూపిస్తాయి. ఓటీపీ నోటితో చెప్పకపోయినా తెర మీద పడగానే అతనికి కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే దీని గురించి బ్యాంకులను హెచ్చరించింది.

డబ్బు పోయిన తర్వాతి గంట

పోయిన డబ్బు వెంటనే ఏటీఎం నుంచి బయటికి రాదు. ముందు ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలోకి వెళ్తుంది, అక్కడి నుంచి ముక్కలై మరికొన్ని ఖాతాల్లోకి పోతుంది. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే కబురందితే అక్కడ నిలిపివేసే వీలుంటుంది. 1930 హెల్ప్‌లైన్ పనిచేసేది ఈ లెక్క మీదే. ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయవచ్చు. దీనితోపాటు సొంత బ్యాంకుకు ఫోన్ చేసి కార్డునూ నెట్ బ్యాంకింగ్‌నూ ఆపించాలి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.

నష్టం ఎవరు భరించాలన్నదీ ఈ కబురు మీదే ఆధారపడుతుంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు మీద ఏ భారమూ పడదు. ఓటీపీ లాంటివి తానే ఇచ్చిన సందర్భంలో బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా గడిపిన రాత్రిలో ఇంకో మూడు లావాదేవీలు జరిగితే ఆ మూడూ ఖాతాదారు లెక్కలోనే పడతాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం, ఖాతా నంబరు దగ్గరుండాలి. మెయిల్ ద్వారా మోసం జరిగితే ఆ మెయిల్‌ను కోపంతో తీసేయకూడదు. అది ఏ సర్వర్ నుంచి ఏ దారిన వచ్చిందో దాని లోపలే రాసి ఉంటుంది, పోలీసులకు అదే మొదటి ఆధారం. ఫోన్ కాల్‌కు అలాంటిదేమీ మిగలదు. మాట గాలిలో కలిసిపోతుంది. అందుకే కాల్ వచ్చిన నంబరును, సమయాన్ని, అవతలివాడు చెప్పుకున్న పేరును, ఏయే వివరాలు అడిగాడో, తాను ఏవి చెప్పారో ఖాతాదారు గుర్తున్నప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. వచ్చిన ఓటీపీ మెసేజ్‌లను ఫోన్‌లో అలాగే ఉంచాలి.